కంప్రెసర్ పెట్టాక మాటల మధ్య ఫ్యాను హోరు ఉబికి వస్తోంది

కథలక్క · పద్మారావునగర్

అందరికీ నమస్కారం. పిల్లల కోసం కథలు చదివి రికార్డు చేస్తుంటాను. మాది రెండో అంతస్తు, వెనక వైపు గది కాబట్టి హారన్ల గోల పెద్దగా ఉండదు. ఫ్యాను మాత్రం ఆపలేను. హైదరాబాదు ఎండల్లో కిటికీలు మూసి ఫ్యాను కూడా ఆపితే కథ కంటే ముందు నేనే ముగిసిపోతాను.

నా కథల్లో ఒక అవ్వ గుసగుసగా మాట్లాడుతుంది, ఒక రాక్షసుడు గర్జిస్తాడు. రాక్షసుడి గొంతు మా వారిది. అవ్వ మాట వినపడటం లేదని ఫోనులో వాల్యూమ్ పెంచితే, వెంటనే రాక్షసుడు వచ్చి నిద్రపోతున్న పిల్లను లేపేస్తున్నాడని వినేవాళ్ల ఫిర్యాదు. తెలిసినవాళ్లు ఒకరు కంప్రెసర్ పెట్టమని ఈ సెట్టింగులు ఇచ్చారు.

```
Threshold   -36 dB
Ratio       8:1
Attack      1 ms
Release     50 ms
Make-up     26 dB
```

ఇప్పుడు ఫిర్యాదులు మారాయి. ప్రతి మాట చివరా ఫ్యాను శబ్దం అలలా లేస్తోంది, నేను నోరు తెరవగానే అణిగిపోతోంది. పైగా అవ్వ, రాక్షసుడు ఒకే గట్టితనంతో మాట్లాడుతున్నారు. ఎక్కడ తప్పు చేశాను?

సుధాకర్

అమ్మా, మీరు ఫైలును మరీ ఎక్కువ కంప్రెస్ చేసినట్టున్నారు. ఎంపీ3 సేవ్ చేసేటప్పుడు 64 బదులు 192 పెట్టి చూడండి. నా పాత పాటల క్యాసెట్లు మార్చుకున్నప్పుడు నాకూ ఇలాగే గుసగుసలాడింది.

మిక్సర్ మూర్తి · చిక్కడపల్లి

సుధాకర్ గారూ, అది ఫైలు సైజు తగ్గించే కంప్రెషన్. ఇది శబ్దంలోని హెచ్చుతగ్గులను దగ్గర చేసే కంప్రెసర్. పేరు ఒకటే గానీ ఇంటిపేర్లు వేరు. 192 పెడితే ఫ్యాను ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే.

శ్రవణ్ · కృష్ణానగర్

అక్కా, చాలా తేలిక. కంప్రెసర్ పని చిన్న శబ్దాలను పెంచడం. ఫ్యాను చిన్న శబ్దం, అందుకే పెరిగింది. అటాక్ అంటే కంప్రెసర్ పని మొదలుపెట్టే ముందు ఎంతసేపు ఆగాలో చెప్పేది, దాన్ని సున్నా చేయండి. రిలీజ్ ఒక సెకను పెట్టండి. మాటల మధ్య ఫ్యాను లేవడానికి సమయమే దొరకదు. నేను డబ్బింగ్ పనికి ఇలాగే చేస్తాను.

మిక్సర్ మూర్తి

శ్రవణ్, రిలీజ్ సంగతి కొంతవరకు నిజమే. మొదటి మాట మాత్రం తలకిందులు. కంప్రెసర్ చిన్న శబ్దాల జోలికి పోదు. పెద్దవాటిని అణుస్తుంది. పెంచేది చివర్లో ఉన్న ఆ మేకప్ గెయిన్. ఈ తేడా పట్టుకోకపోతే కథలక్క గారి ఫ్యాను సమస్య ఎప్పటికీ అర్థం కాదు.

అమ్మా, కంప్రెసర్ ఆపేసి మీటరు చూసి నాకు నాలుగు అంకెలు చెప్పండి. అవ్వ గుసగుస ఎక్కడిదాకా లేస్తోంది, మామూలు చదువు ఎక్కడిదాకా, రాక్షసుడు ఎక్కడిదాకా, ఎవరూ మాట్లాడనప్పుడు ఫ్యాను ఒక్కటే ఎంత?

కథలక్క

చూశాను మూర్తి గారూ. అవ్వ -32, మామూలు చదువు -20, రాక్షసుడు -6. ఫ్యాను ఒక్కటే ఉన్నప్పుడు -58.

ఈలోగా శ్రవణ్ చెప్పినట్టు రిలీజ్ ఒక సెకను పెట్టి చూశాను. మాటల మధ్య ఫ్యాను తగ్గింది, నిజమే. కానీ రాక్షసుడు అరిచిన వెంటనే అవ్వ "నాయనా, ఇటు రా" అంటుంది. అందులో "నాయనా" ఎవరో మింగేసినట్టుంది. "ఇటు రా" దగ్గర గొంతు మెల్లగా పైకి తేలుతోంది.

మిక్సర్ మూర్తి

అడగకుండానే రిలీజ్ పాఠం మీరే చెప్పేశారు. రాక్షసుడి కోసం కంప్రెసర్ గొంతు నొక్కింది. వాడు వెళ్లిపోయాక కూడా చెయ్యి తీయడానికి సెకను పట్టింది. ఆ సెకనులో అవ్వ వచ్చి దొరికిపోయింది.

ఇక లెక్క. తీరిగ్గా చదవండి. డీబీ అంటే శబ్దం గట్టితనానికి కొలత, మీటరులో అంకె సున్నాకు ఎంత దగ్గరైతే శబ్దం అంత గట్టి.

త్రెషోల్డ్ అంటే గడప. మీ గడప -36 దగ్గర ఉంది. మీ ఇంట్లో ఫ్యాను తప్ప అందరూ ఆ గడప దాటినవాళ్లే, చివరికి గుసగుసలాడే అవ్వ కూడా. రేషియో 8:1 అంటే గడప దాటి ఎంత లేచినా అందులో ఎనిమిదో వంతే బయటికి వెళ్తుంది.

రాక్షసుడు -6. గడప మీద 30 డీబీ లేచాడు. అందులో ఎనిమిదో వంతు 3.75. అంటే -32 దగ్గర బయటపడతాడు. 26 డీబీ కోత పడింది. మామూలు చదువు -20, గడప మీద 16 డీబీ. మిగిలేది 2, బయటికి వచ్చేది -34. అవ్వ గడప మీద 4 డీబీయే లేచింది, మిగిలేది అర డీబీ, బయటికి -35.5.

ఇప్పుడు చూడండి. అవ్వకూ రాక్షసుడికీ మధ్య 26 డీబీల దూరం ఉండేది, దాదాపు మూడు డీబీలు మిగిలింది. ఇద్దరూ ఒకే గట్టితనంతో మాట్లాడుతున్నారని మీరన్నది ఇదే.

తరువాత రాక్షసుడిని మళ్లీ -6కు తేవాలని మేకప్ 26 డీబీ ఇచ్చారు. అది అందరికీ సమానంగా పడుతుంది. ఫ్యాను -58 దగ్గర గడప కిందే కూర్చుని ఉంది, దానికి కోత లేదు, పెంపు మాత్రం పూర్తిగా దక్కింది. -58కి 26 కలిపితే -32. అంటే మొదట్లో మీ అవ్వ గుసగుస ఎంత ఉందో ఇప్పుడు ఫ్యాను అంత ఉంది. మామూలు చదువుకూ ఫ్యానుకూ మధ్య 38 డీబీల దూరం ఉండేది, ఇప్పుడు 24.

మీరు మాట్లాడుతున్నంతసేపూ కోత పడుతుంటుంది కాబట్టి ఫ్యాను కూడా మీతో పాటే అణిగి ఉంటుంది. మీరు ఆగగానే 50 మిల్లీసెకన్ల రిలీజ్ చెయ్యి తీసేస్తుంది. మాటకూ మాటకూ మధ్య ఆగే ఆ కాస్త ఖాళీలోనే ఫ్యాను పూర్తిగా లేచి నిలబడుతుంది. మీకు వినిపించే అల అదే.

భజన రాంబాబు · వనస్థలిపురం

మూర్తి గారూ, మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మా భజన బృందంలో ఢోలక్‌కు ఒక మైకు పెడతాం. కమ్యూనిటీ హాలు మిక్సర్లో కంప్రెసర్ ఉంది. అది ఆన్ చేస్తే ఢోలక్ దుప్పటి కప్పుకుని వాయించినట్టు ఉంటుంది. ఆపేస్తే స్పీకర్లు అదురుతాయి. నాకు ఏ మీట తిప్పాలో చెబితే చాలు, లెక్కలు వద్దు.

మిక్సర్ మూర్తి

రాంబాబూ, అటాక్ ఎంత ఉంది?

భజన రాంబాబు

ఎడమవైపు చివరికి ఉంది. 0.5 అని రాసి ఉంది.

మిక్సర్ మూర్తి

దాన్ని 25, 30 మిల్లీసెకన్ల దాకా తీసుకెళ్లు. ఢోలక్ మీద చేయి పడగానే వచ్చే "టక్" మొదటి కొన్ని మిల్లీసెకన్లలోనే ఉంటుంది. ఆ తరువాతది చర్మం మోగే "ఊం". అటాక్ అర మిల్లీసెకను ఉంటే కంప్రెసర్ ఆ "టక్" మీదే పడుతుంది, నీకు దుప్పటి మిగులుతుంది. 30 పెడితే దెబ్బ దాటిపోతుంది, వెనకాల వచ్చే మోత అణుగుతుంది. ఢోలక్ ముందుకు వచ్చినట్టు ఉంటుంది.

కానీ ఒకటి. దెబ్బను వదిలేశాం కాబట్టి స్పీకరుకు తగిలే ఆ మొన అలాగే ఉంటుంది. దాన్ని ఆపాలంటే శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ చివరన ఉండాలి. హాలు వాళ్లను అడుగు.

లత · తార్నాక

శ్రవణ్ గారు అటాక్ అంటే ఆగే సమయం అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను, ప్రాజెక్టు కోసం స్వయంగా ఒక కంప్రెసర్ కోడ్ రాసే వరకు. అది ఆగదు. శబ్దం గడప దాటిన క్షణం నుంచే కోత మొదలవుతుంది. పూర్తి కోతకు చేరే వేగాన్ని అటాక్ నిర్ణయిస్తుంది. 20 డీబీ కోత అవసరమై అటాక్ 30 మిల్లీసెకన్లు ఉంటే, మొదటి 10 మిల్లీసెకన్లలోనే కొంత కోత పడిపోయి ఉంటుంది.

రిలీజ్ గురించి కూడా ఇలాంటి అపోహే ఉంది. శబ్దం గడప కిందికి దిగాకే రిలీజ్ మొదలవుతుందని కాదు. రాక్షసుడు -6 నుంచి -20కి దిగినా ఇంకా గడప పైనే ఉన్నాడు, కానీ అవసరమైన కోత తగ్గింది. ఆ తగ్గుదల కూడా రిలీజ్ వేగంతోనే జరుగుతుంది.

ఇంకో చిక్కు. ఒక ప్లగిన్‌లో 10 మిల్లీసెకన్లు అంటే మరో దానిలో 10 కాదు. కొందరు కోతలో 63 శాతం పూర్తయ్యే సమయాన్ని అటాక్ అని రాస్తారు, మరికొందరు 90 శాతం అంటారు. అంకెలు అరువు తెచ్చుకుంటే ఇలాగే అవుతుంది.

మూర్తి గారి లెక్క మీద చిన్న అభ్యంతరం కూడా. అది మీటరు చూపించే శిఖరాలతో వేసిన లెక్క. కథలక్క గారి కంప్రెసర్ శిఖరాన్ని కాకుండా సగటును చూసే రకమైతే కోత అంత పడదు.

మిక్సర్ మూర్తి

ఒప్పుకుంటున్నాను. డీబీ అటూ ఇటూ కావచ్చు. ఫ్యాను మాత్రం కదలదు, దాని 26 దానికి దక్కుతుంది.

శ్రవణ్

సరే, ఆగే సమయం కాదు, ఒప్పుకున్నాను. కానీ నేను 1176 అనే పాత కంప్రెసర్ పెట్టె తరహా ప్లగిన్ వాడతాను, అటాక్ 1 మీద పెడతాను, అన్నింటికన్నా వేగం. ఒక్క మాట కూడా చెడలేదు. మరి ఢోలక్ చెడితే మాట ఎందుకు చెడదు?

మిక్సర్ మూర్తి

నాయనా, 1176లో మీటలు తలకిందులు. అటాక్ 1 అంటే అన్నింటికన్నా నిదానం, 7 అంటే అన్నింటికన్నా వేగం. నువ్వు ఇన్నాళ్లూ నిదానమైన దానితోనే పని చేస్తున్నావు, అందుకే బాగుంది. అయినా ఆ పెట్టెలో నిదానం అన్నా 800 మైక్రోసెకన్లే, ఒక మిల్లీసెకనుకు కూడా తక్కువ. వేగం అంటే 20 మైక్రోసెకన్లు. రాంబాబుకు చెప్పిన 30 మిల్లీసెకన్లు దానిలో దొరకనే దొరకవు.

శ్రవణ్

ఇప్పుడే 7 పెట్టి విన్నాను. "తలుపు టక్కున మూసుకుంది" అనే వాక్యంలో "టక్కు" మెత్తబడింది. రెండేళ్లుగా ఎవరూ చెప్పలేదు.

అక్కా, నా ఒక సెకను సలహా వెనక్కి తీసుకుంటున్నాను. దానికి ఎదురు చేసి చూడండి. రిలీజ్ 5 మిల్లీసెకన్లు పెడితే ఫ్యాను ఎంత త్వరగా లేస్తుందంటే, అల ఉన్నట్టే తెలియదు.

కథలక్క

పెట్టాను తమ్ముడూ. అల పోయింది, ఫ్యాను హోరు ఎప్పుడూ ఉన్నట్టే అయింది. అంతకన్నా పెద్ద సంగతి ఏమిటంటే మా వారి రాక్షసుడు చిరిగిన స్పీకరులోంచి మాట్లాడుతున్నట్టు గరగరమంటున్నాడు. ఆయనకు అదే నచ్చింది, అలాగే ఉంచమంటున్నారు. నాకు నచ్చలేదు. నా గొంతు మాత్రం అంత గరగరమనడం లేదు, ఎందుకు?

లత

మీ వారు గొంతు బాగా దించి మాట్లాడుతున్నారు కదా. ఆ గొంతు సెకనుకు సుమారు 100 సార్లు కంపిస్తుందనుకోండి. ఒక్కో కంపనకు 10 మిల్లీసెకన్లు. రిలీజ్ 5 మిల్లీసెకన్లు ఉంటే, అటాక్ 1 ఉంటే, కంప్రెసర్ మాట గట్టితనాన్ని కాకుండా ఒక్కో కంపనలోని ఎత్తుపల్లాలనే వెంటాడుతుంది. ప్రతి అలనూ నొక్కి వదులుతుంది, అల ఆకారమే మారిపోతుంది. ఆ గరగర అదే. మీ గొంతు దాదాపు రెట్టింపు వేగంతో కంపిస్తుంది, ఒక్కో కంపన 5 మిల్లీసెకన్లే. కంప్రెసర్ పూర్తిగా వదిలే లోపే తరువాతి అల వస్తుంది, అందుకే మీకు తక్కువగా తెలుస్తోంది.

మిక్సర్ మూర్తి

ఇక పని చేద్దాం. కథలక్క గారూ, అవ్వకూ రాక్షసుడికీ ఉన్న 26 డీబీల తేడాను ఒక్క కంప్రెసర్ నెత్తిన వేయకండి. అంత కోత ఏ అటాక్, ఏ రిలీజ్ పెట్టినా బయటపడుతుంది. ముందు చేత్తో సర్దండి. రాక్షసుడి వాక్యాలను ఎంచుకుని 4 డీబీ తగ్గించండి, అవ్వ వాక్యాలను 4 పెంచండి. పది నిమిషాల కథకు పావుగంట పని.

ఇప్పుడు రాక్షసుడు -10, మామూలు చదువు -20, అవ్వ -28. గడపను -22కు ఎత్తండి. రేషియో 3:1. రాక్షసుడు గడప మీద 12 లేస్తాడు, అందులో మూడో వంతు 4 మిగులుతుంది, బయటికి -18. కోత 8 డీబీ. మామూలు చదువుకు డీబీ పైన కాస్త, అంతే. అవ్వ గడప లోపలే కూర్చుంటుంది, ఆమెను ఎవరూ ముట్టుకోరు.

మేకప్ 8 డీబీ చాలు. రాక్షసుడు -10, చదువు సుమారు -13, అవ్వ -20. వాడు వాడిలాగే ఉంటాడు, ఆమె ఆమెలాగే ఉంటుంది, మధ్యలో 10 డీబీల దూరం మిగులుతుంది. ఫ్యాను -50 దగ్గర. అవ్వ వాక్యాల కింద మాత్రం మీరు చేత్తో పెంచిన 4 దానికీ కలుస్తాయి, -46 అవుతుంది.

అటాక్ 10తో మొదలుపెట్టండి, "టక్కున", "పటపట" లాంటి మాటలు మెత్తగా అనిపిస్తే 15 చేయండి. రిలీజ్ 150 దగ్గర మొదలుపెట్టి, రాక్షసుడి వెంట వచ్చే "నాయనా" పూర్తిగా వినపడే వరకు తగ్గించుకుంటూ రండి. కోత చూపించే ముల్లు వాక్యానికి వాక్యానికి మధ్య సున్నాకు తిరిగి రావాలి, మాట మాటకూ ఎగిరెగిరి పడకూడదు.

శ్రవణ్

చేత్తో సర్దడం ఎందుకు మూర్తి గారూ? రెండు కంప్రెసర్లు వరుసగా పెట్టి ఒక్కొక్కదానితో 5, 6 డీబీ కోయిస్తే సరిపోదా? రోజుకు నాలుగు ఎపిసోడ్లు చేసేవాడికి పావుగంట చొప్పున ఎక్కడిది?

మిక్సర్ మూర్తి

నీకు సరిపోతుంది. నీ దగ్గర గది నిశ్శబ్దంగా ఉంటుంది. అవ్వ గుసగుస అని కంప్రెసర్‌కు తెలియదు, నాకు తెలుసు.

లత

ఫ్యాను శబ్దాన్ని కంప్రెసర్‌కు ముందే నాయిస్ రిడక్షన్‌తో తీసేస్తే ఈ గొడవే ఉండదు కదా. కోతకు ముందు ఫ్యాను ఒకే స్థాయిలో ఉంటుంది కాబట్టి తీయడం తేలిక. కంప్రెసర్ తరువాతైతే అది పైకీ కిందికీ ఊగుతుంటుంది, దాని నమూనా పట్టుకోలేం.

మిక్సర్ మూర్తి

వరుస మీరు చెప్పిందే సరైనది. కానీ ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. అవ్వ గుసగుస కూడా గాలే, ఫ్యాను కూడా గాలే. దేన్ని తీస్తుందో చెప్పలేం. నేనైతే మైకును నోటికి ఒక జానెడు దగ్గరికి జరపమంటాను.

లత

ఆరు డీబీ తీస్తే నీళ్ల శబ్దం రాదండీ. నేను చేసి చూశాను.

మిక్సర్ మూర్తి

మీ చెవికి రాలేదు. నా చెవికి వస్తుంది. ఇక్కడ మన దారులు వేరు.

కథలక్క

రెండు రోజుల తరువాత రాస్తున్నాను. చేత్తో సర్దాను, మూర్తి గారి అంకెలు పెట్టాను. రిలీజ్ చివరికి 110 దగ్గర ఆగింది. అక్కడ "నాయనా"లో "నా" కూడా పూర్తిగా వినపడుతోంది. అటాక్ 12. మైకు కూడా దగ్గరికి జరిపాను, దాంతో ఫ్యాను ఇంకా వెనక్కి వెళ్లింది కానీ "ప", "భ" దగ్గర మైకులో గాలి కొడుతోంది. దానికి ఒక పాత సాక్సు తొడిగాను, నవ్వకండి.

మాటల మధ్య అల దాదాపు పోయింది. ఒక్క చోట ఉంది: రాక్షసుడు చచ్చిపోయాక నేను రెండు సెకన్లు ఆగుతాను. అక్కడ ఫ్యాను మెల్లగా లేవడం ఇప్పటికీ తెలుస్తోంది. లత గారు చెప్పిన ఆరు డీబీ ఆ ఒక్క చోటే ప్రయత్నిస్తాను.

మా వారికి గరగరల రాక్షసుడే కావాలట. ఆయన వాక్యాలకు మాత్రం వేరే ట్రాకు పెట్టి రిలీజ్ 5 ఉంచాను.

భజన రాంబాబు

అటాక్ 30 పెట్టాం. ఢోలక్ దుప్పటి తీసింది. హాలు వాళ్ల దగ్గర లిమిటర్ లేదన్నారు. ఇప్పుడు తాళాలు పెద్దగా వినిపిస్తున్నాయి, వాటికీ ఇదే మీటా?

మిక్సర్ మూర్తి

తాళాలకు మైకు పెట్టారా రాంబాబూ?

భజన రాంబాబు

లేదండీ. ఢోలక్ మైకులోకే వస్తున్నాయి.

మిక్సర్ మూర్తి

అయితే మీట కాదు. తాళాలు వేసేవాళ్లను రెండు అడుగులు వెనక కూర్చోబెట్టు.